తాళం ఎక్కడ వేయాలి?

ఈసారి ప్రాజెక్టులను పీడీఎఫ్‌గా ఇచ్చేటప్పుడు ప్రింటు, కాపీ రెండూ ఆపేసి ఇద్దామని మన క్లాసులో చాలామంది అంటున్నారు. ‘ఎండలో ఊళ్ళు తిరిగి రాసుకొచ్చాం, ఇంకొకరు ఎత్తుకుపోతే ఎలా?’ అన్నది వాళ్ళ బాధ. బాధ న్యాయమైనదే. కానీ ఆ తాళం మన కష్టాన్ని కాపాడదని, నిజంగా కాపాడాల్సిన దాన్ని బయటే వదిలేస్తుందని నా అభిప్రాయం.

పీడీఎఫ్‌కు రెండు రకాల పాస్‌వర్డులు ఉన్నాయి. లిబ్రే ఆఫీసులో Export as PDF తెరిచి, Security లో Set Passwords నొక్కితే రెండూ అక్కడే కనిపిస్తాయి. మొదటిది ఫైలు తెరవడానికి. అది పెడితే లోపలి రాతంతా గూఢలిపిగా మారిపోతుంది. దాన్ని విప్పే తాళంచెవి ఆ పాస్‌వర్డు నుంచే తయారవుతుంది. పాస్‌వర్డు తెలియనివాళ్ళకు ఆ ఫైలులో ఉన్నది చదవరాని గీతలే.

రెండోది అనుమతులది. ప్రింటు వద్దు, కాపీ వద్దు అన్నవి దీని కిందికి వస్తాయి. ఇది ఒక్కటే పెడితే ఫైలు అందరికీ తెరుచుకుంటుంది. తెరుచుకుందంటే చదివేవాళ్ళ కంప్యూటరు రాతనంతా అప్పటికే విప్పేసుకుందన్నమాట. ఇక మిగిలేది ‘ప్రింటు చేయవద్దు’ అని ఫైలులో ఉన్న ఒక చీటీ మాత్రమే. ఆ చీటీని మన్నించడం, మన్నించకపోవడం చదివే ప్రోగ్రాము మర్యాద. అడోబీ రీడరు మన్నిస్తుంది. ఉచితంగా దొరికే qpdf అనే ప్రోగ్రాముకు మాత్రం ఈ ఒక్క వరుస చాలు, పాస్‌వర్డు కూడా అడగదు:

```
qpdf --decrypt patalu.pdf kotta.pdf
```

కొత్త ఫైలులో చీటీ ఉండదు. ఇది కూడా రానివాళ్ళు ఫోనుతో తెరను ఫోటో తీసుకుంటారు. మొదటిది వీధి తలుపు తాళం, రెండోది ‘చెప్పులు బయట విడవండి’ అన్న బోర్డు. బోర్డు తప్పని నేను అనను. బోర్డును చూసి తాళం వేశామనుకోవడమే తప్పు.

ఒక ప్రాజెక్టు తీసుకుందాం. హోసూరు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు పాడే పెళ్ళిపాటలు సేకరించారనుకోండి. అరవై పేజీలు. చివరి మూడు పేజీల్లో పాడిన అమ్మమ్మల పేర్లు, ఊరు, వయసు, ఫోను నంబర్లు. ప్రింటు, కాపీ ఆపి గ్రూపులో పెడితే ఏమవుతుంది? ఎత్తుకుపోవాలనుకున్నవాళ్ళు పై వరుసతో ఎత్తుకుపోతారు. పద్ధతిగా ఒక పాటను పేరుతో సహా ఉదాహరించాలనుకున్న జూనియరు కూర్చుని మళ్ళీ టైపు చేసుకోవాలి. Enable text access for accessibility tools అనే గడిలో టిక్కు కూడా తీసేస్తే, చూపు లేని చదువరికి పేజీలను వినిపించే స్క్రీన్‌ రీడరు మూగబోవచ్చు. ఆ అమ్మమ్మల నంబర్లేమో ఫైలు తెరిచిన ప్రతివాళ్ళకూ కనిపిస్తూనే ఉంటాయి. వాళ్ళు మనల్ని నమ్మి ఇచ్చింది పాట. నంబరు ఊరంతా పంచమని కాదు.

కాబట్టి నేననేది ఇది. ఆ మూడు పేజీలూ వేరే ఫైలు చేయండి. తెరిచే పాస్‌వర్డు దానికి పెట్టి, గైడు మేడమ్‌కు మాత్రం ఇవ్వండి. మిగతా పాటల ఫైలును ప్రింటుకీ కాపీకీ వదిలేయండి. పాటలు మనం సేకరించామనడానికి సాక్ష్యం తాళం కాదు. మొదటి పేజీలో మన పేర్లు, శాఖకు ముందే ఇచ్చిన, తేదీ వేసిన ప్రతి.

తెరిచే పాస్‌వర్డుకూ హద్దులున్నాయి. ఏటీఎంలో కొన్నిసార్లు తప్పు నొక్కితే కార్డు ఆగిపోతుంది. చేతికొచ్చిన పీడీఎఫ్‌ మీద ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆపేవాళ్ళు లేరు. ఇ-ఆధార్‌ పీడీఎఫ్‌నే చూడండి: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం, అదే పాస్‌వర్డు. మన క్లాసులో ఎవరి పేరైనా తెలిస్తే నాలుగైదు సంవత్సరాలు మార్చి చూస్తే చాలు. అందుకని శాఖ పేరో, రోల్‌ నంబరో పెట్టకండి. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టండి. ఫైలు మెయిల్లో పంపితే పాస్‌వర్డు ఫోనులో చెప్పండి. రెండూ ఒకే గ్రూపులో పెడితే తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు. ఒకసారి తెరిచినవాళ్ళు దాన్ని తాళం లేకుండా దాచుకోగలరు. తర్వాత మనం పాస్‌వర్డు మార్చినా ముందు వెళ్ళిన ప్రతికి అది వర్తించదు.

అంటే తాళం ఎవరికి ఇవ్వకూడదో వాళ్ళను ఆపగలదు గానీ, ఇచ్చినవాళ్ళు ఏం చేస్తారో ఆపలేదు. మార్చిలో ప్రాజెక్టులు ఇచ్చేలోపు ఎవరి ఫైలులో ఏ పేజీలు ఎవరికి వెళ్ళకూడదో ఒకసారి విడదీసి చూసుకోండి. ఎక్కువమందికి మూడు నాలుగు పేజీలకు మించి తేలవని నా అంచనా.