మలి విడత అంచనాకు సగటు చాలదు

ఒక కొత్త వస్తువును మొదటిసారి తయారు చేయడానికి పట్టినంత కాలం రెండవసారి పట్టదని ప్రతి పనివానికీ తెలుసు. ఈ అనుభవాన్ని లెక్కలోనికి తెచ్చినవారిలో ప్రముఖుడు టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజనీరు. విమానాల తయారీని పరిశీలించి ఆయన 1936లో ఒక వ్యాసం ప్రకటించారు. మొత్తం ఉత్పత్తి రెట్టింపైనప్పుడల్లా ఒక్కొక్క విమానానికి పట్టే శ్రమకాలపు సగటు, పూర్వపు సగటులో సుమారు 80 శాతానికి తగ్గుతున్నదని అందులో చూపారు. వ్యయ గణకులు దీనినే అభ్యసన వక్రరేఖ అంటారు.

సూత్రం సులభమే. కాని మలి ఆర్డరుకు ధర చెప్పవలసి వచ్చినప్పుడు చాలామంది ఒకేచోట పొరబడుతున్నారని మా అభిప్రాయం. ఇక్కడ సగటు అంటే సంచిత సగటు. అనగా మొదటి వస్తువు నుండి చివరి వస్తువు వరకు పట్టిన మొత్తం గంటలను మొత్తం వస్తువులతో భాగించగా వచ్చినది. అది మలి విడతకు మాత్రమే చెందిన సగటు కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కార్ఖానా కొత్త నమూనాలో 20 ఆసుపత్రి మంచాలు చేసింది. మొత్తం 400 గంటల శ్రమ పట్టింది. అనగా మంచానికి 20 గంటలు. ఆసుపత్రివారు సంతోషించి మరి 20 మంచాలకు ధర అడిగారు. అభ్యసన రేటు 80 శాతమనుకుందాం. ఉత్పత్తి 20 నుండి 40కి రెట్టింపవుతుంది కావున, సంచిత సగటు 20 గంటల నుండి 16 గంటలకు దిగుతుంది.

తొందరపడిన గుమాస్తా ఈ 16ను 20తో గుణించి, మలి విడతకు 320 గంటలని వ్రాస్తాడు. ఇది తప్పు. ఆ 16 గంటలు నలభై మంచాలకూ కలిపి వచ్చిన సగటు. నలభై మంచాలకు మొత్తం 640 గంటలు. అందులో మొదటి విడతకు 400 గంటలు అప్పటికే ఖర్చయి పోయినవి. మిగిలినవి 240 గంటలు మాత్రమే. అనగా మలి విడతలో మంచానికి 12 గంటలు.

గంటకు 100 రూపాయల కూలి అనుకుంటే, సరియైన అంచనా 24,000 రూపాయలు. గుమాస్తా అంచనా 32,000. ఈ తేడాతో టెండరు పోటీదారుని పాలైతే, పనితనం వున్నప్పటికీ పని దక్కలేదని కార్ఖానా వాపోవలసి వస్తుంది.

అయితే 240 గంటలని ధైర్యంగా వ్రాయడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ 80 శాతం ఎక్కడిది? విమానాల రేటు మంచాలకు వర్తించి తీరాలన్న నియమం లేదు. యంత్రమే వేగాన్ని నిర్ణయించే పనిలో మనిషి నేర్చుకోవడం వల్ల కలిగే లాభం స్వల్పం. కావున రేటును పుస్తకం నుండి గాక, కార్ఖానా పాత పనుల పద్దుల నుండి తీయాలి. ఇటువంటి వేరొక వస్తువు రెండవ విడతకు 240కి బదులు నిజంగా 320 గంటలు పట్టి వుంటే, రెండు విడతల మొత్తం 720, సగటు 18. అప్పుడు ఆ కార్ఖానా రేటు 80 కాదు, 90 శాతం. ఆ రేటుకు 240 గంటల ధర చెప్పినవాడు ఎనభై గంటల కూలిని తన జేబు నుండి ఇచ్చుకోవాలి.

మరొక హెచ్చరిక. తగ్గేది శ్రమ గంటలు మాత్రమే. ఇనుప గొట్టాలు, రంగు మొదటి విడతకెంతో రెండవ విడతకూ దాదాపు అంతే. షెడ్డు అద్దెను శ్రమ గంటల చొప్పున పంచే అలవాటున్నచోట, గంటలు తగ్గగానే కాగితంపై అద్దె కూడా తగ్గినట్లు కనబడుతుంది. యజమాని చెల్లించే అద్దె మాత్రం తగ్గదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ నేర్పు ఎవరి చేతులలో వున్నదన్న విషయం. మొదటి విడత ముగియగానే పనివారిని పంపివేసి, ఆరు నెలల తరువాత కొత్తవారితో రెండవ విడత ప్రారంభించే కార్ఖానాకు 240 గంటల లెక్క వర్తించదు. కొత్త చేతులు మళ్ళీ 20 గంటల వద్ద మొదలు పెట్టినా ఆశ్చర్యం లేదు. ఆ మంచాలు చేసిన పనివారు ఇంకా వున్నారో లేదో విచారించకుండా మలి విడతకు ధర వ్రాయరాదని మా నిశ్చితాభిప్రాయం. ఆదా అయ్యే 160 గంటలు వారు నేర్చుకున్నందువల్ల వచ్చినవే. వారిని నిలుపుకోని యజమానికి ఆ ఆదాను ధరలో చూపే హక్కు లేదు.