చెత్త పాఠంలో బట్టీకి మార్కులు వద్దు

‘ఘన వ్యర్థాల నిర్వహణ అనగానేమి? వివరింపుము. 5 మార్కులు.’ డిగ్రీ మొదటి సంవత్సరం పర్యావరణ అధ్యయనం కోసం తయారైన ఒక మాదిరి ప్రశ్నపత్రం ఈమధ్య మా చేతికొచ్చింది. అందులో మొదటి షార్ట్ ఆన్సర్ ప్రశ్న ఇది. దాంతోపాటు ఉన్న వాల్యుయేషన్ స్కీమ్ ప్రకారం నిర్వచనానికి 1 మార్కు. తగ్గించడం, మళ్లీ వాడటం, రీసైక్లింగ్, పారవేయడం అనే నాలుగు శీర్షికలకు తలా ఒకటి. గైడు బట్టీ పట్టినవారికి 5కు 5 వస్తాయి. ‘ఇంట్లోనే కలిసిపోయిన చెత్తను ఆ తర్వాత విడదీయలేం, కూర నీళ్లలో తడిసిన కాగితాన్ని ఎవరూ కొనరు’ అని సొంతమాటల్లో రాసిన విద్యార్థికి శీర్షికలు లేవు కాబట్టి ఒకటి వస్తే గొప్ప. ఈ స్కీమ్ తప్పు. దీన్ని మార్చాలి.

ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు వల్లే పర్యావరణం అన్ని స్థాయిల్లో తప్పనిసరి పాఠమైంది. ఆ పాఠం చదివిన విద్యార్థి తన వీధి చెత్త గురించి ఒక చిన్న లెక్క వేయగలగాలి కదా. అందుకు పరీక్షలో ఇలా అడగవచ్చు: 400 ఇళ్ల కాలనీ, ఇంటికి నలుగురు, తలకు రోజుకు 400 గ్రాముల చెత్త, అందులో సగం తడి చెత్త. కంపోస్టు కావడానికి 45 రోజులు పడితే ఎంత గొయ్యి కావాలి?

1600 మందికి రోజుకు 640 కిలోలు. తడి చెత్త 320 కిలోలు. ఘనపు మీటరుకు 500 కిలోలు పడుతుందనుకుంటే రోజుకు 0.64 ఘనపు మీటర్లు, 45 రోజులకు 28.8. ఈ నాలుగు మెట్లకు నాలుగు మార్కులు ఇవ్వాలి. మొదటి మెట్టులో 640కి బదులు 6400 అని రాస్తే పోయేది ఆ ఒక్క మార్కే. తర్వాతి మెట్లు ఆ అంకెతోనే సరిగా వేస్తే ఆ మూడు మార్కులూ ఇవ్వాల్సిందే. ఇప్పుడు చాలామంది చివరి అంకె చూసి మొత్తం కొట్టేస్తున్నారు. ఒకే తప్పుకు నాలుగుసార్లు శిక్ష వేయడం అది. సాంద్రత 400 అనుకున్న విద్యార్థికి 36 ఘనపు మీటర్లు వస్తుంది. వదులుగా పడిన చెత్తకు ఆ అంచనా కూడా సబబే. దానికీ అవే మార్కులు వేయాలని స్కీమ్‌లో ముందే రాసి ఉండాలి.

ఐదో మార్కు గొయ్యి గురించి ఆలోచించినవారికి దక్కాలి. కుళ్లేకొద్దీ చెత్త కుంగుతుంది కాబట్టి నిజానికి అంత చోటు పట్టదని ఒకరు రాయవచ్చు. గుప్పెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధారగా కారితే లోపలికి గాలి ఆడక కంపు కొడుతుంది, ఎండుటాకులు కలపాలి అని మరొకరు రాయవచ్చు. రెండూ సరైనవే. శీర్షికలు వెతికే స్కీమ్‌కు ఈ రెండూ కనిపించవు.

ఏ చెత్త ఏ బుట్టలోకి అన్న రెండు మార్కుల ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. పగిలిన ట్యూబ్‌లైటును విడిగా ఇవ్వాలి, అందులో పాదరసం ఉంటుంది. చిప్స్ ప్యాకెట్టు పొడి చెత్తే, కానీ ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి పాత సామాన్లవాళ్లు దాన్ని తీసుకోరు. వాడిన శానిటరీ ప్యాడ్ దగ్గర తరగతిలో సగం మంది తడబడతారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు దాన్ని గట్టిగా చుట్టి పొడి చెత్త బుట్టలో వేయమన్నాయి. ‘ఏరేవాళ్ల చేతికి తగలకూడదు, విడిగా ఇవ్వాలి’ అని రాసిన విద్యార్థిని తప్పు పట్టడానికి మనకు హక్కు లేదు. బుట్ట పేరుకు ఒక మార్కు, కారణానికి ఒక మార్కు వేస్తే ఆ విద్యార్థి కనీసం సగం దక్కించుకుంటాడు.

ఇలా దిద్దడానికి ఎక్కువ సమయం పడుతుందని అధ్యాపకులు అంటారు. వందల జవాబు పత్రాలు ముందేసుకున్నవారి ఇబ్బంది నిజమే. అయితే ఆ భారాన్ని తగ్గించే మార్గం ప్రశ్నలు తగ్గించడమే. ఐదు నిర్వచనాలు అడిగేచోట రెండు లెక్కలు అడిగితే చాలు.

ప్రశ్నపత్రం రాసేవారు ముందు స్కీమ్ రాసి, దాన్ని మరో అధ్యాపకుడి చేత ఒక నమూనా జవాబుపై దిద్దించి, ఇద్దరి మార్కులూ కలిశాకే పత్రాన్ని ఖరారు చేయాలి. ఆ స్కీమ్‌ను మాదిరి పత్రంతో పాటే విద్యార్థుల చేతికీ ఇవ్వాలి. వచ్చే సెమిస్టర్ పత్రాలు అచ్చుకు వెళ్లేలోగా విశ్వవిద్యాలయాల పాఠ్య మండళ్లు ఈ మార్పు చేయాలని కోరుతున్నాం.