శ్రావణం, సెప్టెంబరు, బంగారం

"ఆషాఢంలోనే కొనిపెట్టుకోండి, శ్రావణం వస్తే ధర ఆగదు." పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట ఎవరో ఒకరు అననే అంటారు. ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతం, ఆపైన ధనత్రయోదశి వరసగా వస్తాయి. కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరగదా అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. అయితే పాత ధరలన్నీ మన ముందున్నప్పుడు వాదించుకోవడం దేనికి? లెక్క కట్టి చూడవచ్చు.

లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రతి నెలా చివరి రోజు ధర తీసుకుని, ముందు నెలాఖరు కంటే ఎంత శాతం మారిందో రాసుకోవాలి. సెప్టెంబర్లన్నీ ఒక కుప్ప, అక్టోబర్లన్నీ ఒక కుప్ప పోసి, ఒక్కో కుప్పకు సగటు కట్టాలి. బంగారం ఎలాగూ ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది కనుక, ఒక నెల సగటు సున్నా కంటే ఎక్కువైతే చాలదు. మిగతా నెలల కంటే ఎక్కువ కావాలి.

డిర్క్ బౌర్ అనే ఆర్థికవేత్త 1980 నుంచి 2010 వరకు ధరలను ఇలాగే పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. పన్నెండు నెలల్లో సెప్టెంబరు, నవంబరు మాత్రమే గట్టిగా పైకి తేలాయి. మన పెళ్లిళ్లు, పండుగల కాలమే! నానుడి నిజమైనట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ సెప్టెంబర్ల కుప్పను విప్పి చూద్దాం. 1999 ఆగస్టు చివర ఔన్సు ధర 255 డాలర్ల దగ్గరుంది. సెప్టెంబరు 26న పదిహేను యూరప్ కేంద్ర బ్యాంకులు వాషింగ్టన్‌లో ఒక ఒప్పందం ప్రకటించాయి: అయిదేళ్ల పాటు ఏడాదికి 400 టన్నులకు మించి బంగారం అమ్మం అని. నెలాఖరుకు ధర 299 దగ్గరికి ఎగిరింది. ఒక్క నెలలో పదిహేడు శాతం! ముప్పై ఒక్క సెప్టెంబర్ల సగటులో అర శాతానికి పైగా ఈ ఒక్క నెల చలవే. ఏ పెళ్లికూతురి నగలకూ దీనితో సంబంధం లేదు.

అసలు బంగారం ఏ నెలలోనైనా అయిదు శాతం అటూ ఇటూ ఊగడం మామూలు. ముప్పై నెలల సగటు తీసినా, అందులో ఒక శాతం దాకా కేవలం ఆ ఊగిసలాట మిగిల్చిన తేడా కావచ్చు. పైగా పన్నెండు నెలలనూ పరీక్షిస్తున్నాం. ఏ నెలకూ ఏ మహిమా లేకపోయినా, నూటికి అయిదు సార్లు మాత్రమే తప్పే పరీక్ష పెడితే, ఏదో ఒక నెల "ప్రత్యేకం"గా కనబడే అవకాశం దాదాపు సగం. దీన్ని కనిపెట్టే ఉపాయం చీటీలాట లాంటిది. నెలల పేర్లను చీటీల మీద రాసి, కలిపేసి, ధరల మార్పులకు ఇష్టమొచ్చినట్టు అంటించాలి. వేయిసార్లు అలా చేసినప్పుడు, ప్రతిసారీ అన్నింటికంటే పైకొచ్చిన నెల సగటును మన సెప్టెంబరుతో పోల్చాలి. ఉత్తుత్తి నెలలు కూడా తరచూ అంత ఎత్తుకు చేరుతుంటే, మనం చూసింది చీటీల పని.

దానికంటే కఠినమైన పరీక్ష, సూత్రం కనిపెట్టిన తరువాతి ఏళ్లలో అది నిలిచిందా అని చూడటం. 2017 నుంచి 2023 వరకు వరసగా ఏడు సెప్టెంబర్లలో డాలర్లలో బంగారం పడింది. 2024లో మళ్లీ పెరిగింది. సూత్రాన్ని నమ్మి ఆగస్టులో కొన్నవాళ్లు ఆ ఏడేళ్లూ ఏమనుకున్నారో!

ఇక మన శ్రావణాన్ని సెప్టెంబరనడమే పొరపాటు. 2023లో అధిక శ్రావణం వచ్చి, నిజ శ్రావణం ఆగస్టు మధ్యలో గానీ మొదలు కాలేదు. మన నానుడిని పరీక్షించాలంటే కుప్పలు పంచాంగం ప్రకారమే పోయాలి. రూపాయల్లో చూస్తే ఇంకో చిక్కు. దుకాణం బోర్డు మీది ధరలో లండన్ ధరతో పాటు డాలరు మారకం, దిగుమతి సుంకం కలిసి ఉంటాయి. వాటిని విడదీయకపోతే, పెరిగింది బంగారమా, పడింది రూపాయా తెలియదు.

2024 జూలై 23న కేంద్ర బడ్జెట్ బంగారం మీద సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించింది. అప్పుడు నడుస్తున్నది ఆషాఢమే. ఆ నెల మొదటి వారంలో కొన్నవాళ్లకూ చివరి వారంలో కొన్నవాళ్లకూ తులం మీద వేలల్లో తేడా వచ్చింది. ఇద్దరూ పెద్దల మాట విని ఆషాఢంలోనే కొన్నారు. తరుగు, మజూరీ ఇద్దరూ ఇచ్చుకున్నారు.