రక్తం దొరికింది, ఫొటో మాత్రం ఇంకా తిరుగుతోంది

పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ తరచూ వస్తుంది. ఆసుపత్రి మంచం మీద చిన్న పిల్లో పిల్లాడో, చేతికి సెలైన్. కింద పేరు, ఊరు, తండ్రి పేరు, జబ్బు పేరు. "అర్జెంటుగా రక్తం కావాలి, అందరికీ షేర్ చేయండి" అని ఉంటుంది. మనం వెంటనే ఫార్వర్డ్ చేస్తాం. అలాంటి మెసేజ్ ఒకటి నేనే తయారు చేశాను. అందులో ఫొటో మా మేనల్లుడిది.

పోయిన ఏడాది ఎండాకాలం. వాడికప్పుడు నాలుగేళ్లు. సికిల్ సెల్ అనీమియా ఉంది. జ్వరం వచ్చి హిమోగ్లోబిన్ నాలుగుకి పడిపోయింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బి పాజిటివ్ రక్తం ఎక్కించాలన్నారు, బ్లడ్ బ్యాంకులో లేదు, ఎవరినైనా తెచ్చుకోండి అన్నారు. కాలేజీలకి సెలవులు, ఇచ్చే కుర్రాళ్లందరూ ఊళ్లకి పోయారు. మా ఇంట్లో చదువుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. బావ ఫోన్ చేసి "ఏదోటి పెట్రా, నీకు గ్రూపులు తెలుసు కదా" అన్నాడు. వాడి ఫొటో పంపించాడు. నేను దాని కింద పేరు, ఊరు, మండలం, బావ పేరు, జబ్బు పేరు, ఫోన్ నంబరు అన్నీ రాసి వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టాను. మూడు గంటల్లో రక్తం ఇచ్చే అన్న వచ్చాడు. పిల్లాడు బతికాడు. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది, నా చదువు మొదటిసారి ఇంటికి పనికొచ్చిందని.

ఎనిమిది నెలల తర్వాత హాస్టల్లో నా పక్క రూము తమ్ముడు ఒక మెసేజ్ చూపించాడు. అదే ఫొటో, అదే పేరు. కింద నంబరు మాత్రం వేరు, డబ్బులు పంపమని క్యూఆర్ కోడ్ ఒకటి. ఆ నంబరు మా వాళ్లెవరిదీ కాదు. మా పిల్లాడి మంచం ఎవడికో గల్లాపెట్టె అయ్యింది.

అదొక్కటే అయితే మోసగాడి మీద కోపంతో సరిపోయేది. ఈ ఏడాది వాణ్ణి బడిలో వేశారు. మొదటి వారంలోనే ఇంకో పిల్ల తల్లి అక్కని అడిగింది, "మీ వాడే కదా ఫోన్లో వచ్చింది, ఆ జబ్బు పిల్లాడు?" అని. ఆమె మంచిదే, జాలితోనే అడిగింది. కానీ వాడు తన పేరు పలకలేకముందే బడిలో వాడికి ఇంకో పేరు పడింది.

ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. తిట్టలేదు. "నన్ను కూడా అడగలేదు కదరా మీరిద్దరూ" అంది. నిజమే. బావ పంపాడు, నేను పెట్టాను. తల్లిని అడగాలని మా ఇద్దరికీ తట్టలేదు. పిల్లాడినంటే అడగలేం, వాడికి నాలుగేళ్లు. వాడి తరఫున ఆలోచించాల్సిన వాళ్లు ముగ్గురుంటే ఇద్దరం తొందరలో ఉన్నాం, మూడో మనిషిని లెక్కలోకే తీసుకోలేదు.

సికిల్ సెల్ గురించి మనలో చాలామందికి తెలుసు. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులు కలిస్తే వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు, వాహకం కావడానికి నాలుగింట రెండు వంతుల అవకాశం ఉంటుంది. అంటే "ఫలానా వాళ్ల పిల్లాడికి సికిల్ సెల్" అని రాయగానే, అక్కకీ బావకీ ఆ జన్యువు ఉందని కూడా రాసినట్టే. మా మేనకోడలికి తొమ్మిదేళ్లు. దాని ఫొటో ఎక్కడా పెట్టలేదు. అయినా రేపు సంబంధం చూసేవాళ్లు "ఆ పిల్లాడి అక్క" అనే అనుమానంతో మొదలుపెడతారు. ఒక ఫొటోతో ఇద్దరు పిల్లల సంగతి బయటపెట్టాను. ఇది నాకు తర్వాతే అర్థమయ్యింది.

ఇక్కడ కొందరు అడుగుతారు, ఇది దాచాల్సిన జబ్బా అని. కాదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద మన గూడేల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నది, పెళ్లికి ముందు ఇద్దరూ తెలుసుకుని నిర్ణయించుకోవాలనే. ఆ పిల్ల పెద్దయ్యాక తన కార్డు తానే తీసి ఎదుటివాళ్లకి చూపిస్తే అది ధైర్యం. తను నోరు తెరవకముందే ఆరు వందల మంది ఫోన్లలో ఆ సంగతి ఉంటే తన మాట లాగేసుకున్నట్టే. చెప్పడం వేరు, చెప్పబడటం వేరు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ పిల్లది.

అయితే తల్లిదండ్రులకి పిల్లల మీద ఏ హక్కూ లేదా? ఉంది. ఎలాంటి హక్కో ఆలోచిస్తే నాకు మా నాన్న పోడు పట్టా గుర్తొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అది. ఆ భూమి దున్నుకోవచ్చు, పండించుకుని తినొచ్చు, పిల్లలకి వారసత్వంగా వస్తుంది. కానీ అమ్మడానికి, ఇంకొకరి పేర బదిలీ చెయ్యడానికి వీల్లేదు. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. పిల్లల పేరు, ముఖం, జబ్బు, పుట్టిన రోజు కూడా అలాంటి భూమే అని నాకనిపిస్తోంది. పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ ఇద్దరూ కాపాడాలి, బిడ్డ మేలు కోసం వాడుకోవచ్చు. డాక్టరుకి చూపించాలి, బడిలో ఇవ్వాలి, పింఛనుకి పెట్టాలి. కానీ ఇంకొకరి చేతికి శాశ్వతంగా పోయే పని చెయ్యకూడదు. పద్దెనిమిదేళ్లకి భూమి భూమిలాగే చేతికివ్వాలి.

చట్టం చూసుకోదా అంటే, ఇక్కడ అంతగా చూసుకోదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. అందులో ఒక న్యాయమూర్తి పిల్లల ప్రైవసీకి ప్రత్యేక రక్షణ కావాలని విడిగా రాశారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి అడగాలి. కానీ ఒక మనిషి తన సొంత పనికి, ఇంటి పనికి వాడే సమాచారానికి ఈ చట్టం వర్తించదని అందులోనే ఉంది. కంపెనీ తల్లిదండ్రుల్ని అడగాలి, బాగానే ఉంది. తల్లిదండ్రులే పెట్టేస్తే వాళ్లని అడిగేదెవరు? అందుకే దీన్ని నేను బాధ్యత అంటున్నాను. అడిగేవాళ్లు లేని చోటే బాధ్యత మొదలవుతుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. ఫోన్ అమ్మానాన్నలది, వేలు మనది. వాళ్లు చదవలేరు, గ్రూపులో ఎంతమంది ఉన్నారో, ఫేస్‌బుక్‌లో ఆ భూగోళం గుర్తు ఉంటే లోకమంతా చూడొచ్చని వాళ్లకి తెలీదు. మనకి తెలుసు. కాబట్టి తల్లిదండ్రుల బాధ్యతలో సగం, మొదటి తరం చదువుకున్న మన నెత్తినే ఉంది. "బావే పెట్టమన్నాడు" అని నేను తప్పించుకోలేను.

"ప్రాణం పోతుంటే ప్రైవసీ ఏంటి?" అని ఒక అన్న నన్ను అడిగాడు. ప్రాణమే ముందు, అందులో వాదన లేదు. కానీ ఆ రోజు ఫోన్ చేసిన వాళ్లని గుర్తు చేసుకున్నాను. నలుగురు చేశారు. నలుగురూ అడిగినవి ఒకటే: ఏ గ్రూపు, ఏ ఆసుపత్రి, ఎప్పటిలోగా. పిల్లాడి పేరు ఒక్కరూ అడగలేదు. రక్తం తెచ్చింది ఆ మూడు మాటలూ, ఫోన్ నంబరూ. మిగిలినవన్నీ నేను అవసరం లేకుండా ఇచ్చినవి.

పోయిన నెల మళ్లీ రక్తం అవసరమయ్యింది. ఈసారి అక్కని అడిగి ఇలా రాశాను: "బి పాజిటివ్ రక్తం ఒక యూనిట్ కావాలి." కింద ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు పేరు, సంవత్సరంతో సహా తేదీ, రాత్రి పది లోపు అని, నా నంబరు, దొరకగానే చెప్తానని. ఫొటో లేదు, పేరు, ఊరు, జబ్బు లేవు. తేదీ ఎందుకంటే, ఎనిమిది నెలల తర్వాత ఎవరికైనా వస్తే పాతదని తెలియాలి. నంబరు నాది ఎందుకంటే, మోసం చేసేవాడు మార్చినా అందులో పిల్లాడి ముఖం ఉండదు. రక్తం దొరికింది. నిజం చెప్పాలంటే పోయినసారి కంటే గంటన్నర ఎక్కువ పట్టింది. అది రాత్రి కావడం వల్లో, ఫొటో లేకపోవడం వల్లో నాకు తెలీదు. ఆ గంటన్నరలో పాత ఫొటో పెట్టేద్దామా అని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. అక్కే ఆపింది.

డబ్బు సాయం అడిగేటప్పుడు ఇది ఇంకా కష్టం. ముఖం చూడకుండా కొత్తవాళ్లు డబ్బు ఇవ్వరు. అప్పుడు ముందు తెలిసినవాళ్లని అడగడం, ఎవరైనా రుజువు అడిగితే వాళ్లకొక్కళ్లకే ఆసుపత్రి కాగితం చూపించడం తప్ప నాకు వేరే దారి తోచట్లేదు. మీకు తెలిస్తే కింద రాయండి.

పాత ఫొటో సంగతి. ఫేస్‌బుక్ పోస్టు డిలీట్ చేశాను, దాన్నుంచి షేర్ చేసినవి పోయాయి. డౌన్‌లోడ్ చేసుకుని వేరే పేజీలో పెట్టినదాన్ని అక్క పేరుతో రిపోర్ట్ చేశాం. పదమూడేళ్లలోపు పిల్లల ఫొటో తియ్యమని తల్లిదండ్రులు అడగొచ్చు. అదీ పోయింది. వాట్సాప్‌లో మాత్రం ఏమీ చెయ్యలేకపోయాం. అందరికీ డిలీట్ చేసే అవకాశం రెండు రోజులు దాటాక ఉండదు, ఇతరులు ఫార్వర్డ్ చేసినవి మన చేతిలోనే లేవు.

మీలో ఇలాంటి పోస్టు పెట్టినవాళ్లు ఉంటే ఈ రాత్రే వెతికి తీసేయండి. రేపు ఎవరైనా పంపితే, ఫొటో కత్తిరించి, గ్రూపు, ఆసుపత్రి, తేదీ, నంబరు మాత్రం ఉంచి ఫార్వర్డ్ చేయండి. పంపినవాళ్లకి కూడా ఎందుకో చెప్పండి, కోపంగా కాదు, మెల్లగా. ఆ కంగారులో నేనూ ఉన్నాను.

మా మేనల్లుడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. వాడికి చదవడం వచ్చాక ఎప్పుడో ఒకరోజు ఆ మెసేజ్ వాడి ఫోన్‌కే వస్తుంది. అందులో రాసిన అక్షరాలు మామవే అని వాడికి నేనే చెప్పాలి.