ఇడ్లీ మెత్తబడాలంటే సోడా కాదు, ఆవిరి కావాలి

"మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు. పదేళ్ళుగా రక్తపోటుకు మందు వాడుతున్నారు. ఈమధ్య జ్వరం వచ్చి పది రోజులు మంచాన పడి లేచారు. డాక్టరుగారు ఇడ్లీ పెట్టమన్నారు. నేను వేసే ఇడ్లీ పైన గట్టిగా, మధ్యలో జిగటగా వస్తోంది. ఆవిడ పళ్ళులేని నోటితో నమలలేక సగం వదిలేస్తున్నారు. పక్కింటివారు వంట సోడా కలపమంటే వాయికి ఒక చెంచా చొప్పున కలుపుతున్నాను. కాస్త నయంగా వస్తున్నాయి. కాని ఉప్పు తగ్గించమన్న మనిషికి సోడా పెట్టవచ్చునా?" అని ఒక సోదరి అడుగుతున్నారు.

ముందు సోడా సంగతి చెబుతాను. ఉప్పులో రక్తపోటును పెంచే భాగం సోడియం. వంట సోడాలోనూ అదే సోడియం ఉంది. ఒక టీ చెంచా సోడాలో దాదాపు 1250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఈ సోదరి వాయికి పదహారు ఇడ్లీలు వేస్తారట. అంటే ఇడ్లీకి సుమారు 80 మిల్లీగ్రాములు. పెద్దావిడ నాలుగు తింటే 300 దాటుతుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి సోడియం 2000 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పిండిలో ఉప్పు, చట్నీలో ఉప్పు, మధ్యాహ్నం పప్పులో, పులుసులో ఉప్పు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు ఉదయమే సోడాతో ఇంత పడడం రక్తపోటు మనిషికి మంచిది కాదు. పైగా సోడా తగిలితే మినప్పప్పులో ఉన్న బి1 విటమిన్ కొంత నశిస్తుంది. ఒకనాడు తిన్నందువల్ల ముంచుకొచ్చే ప్రమాదమేమీ లేదు గాని, రోజూ కలపవలసిన అవసరం అసలే లేదు. ఆమె ఉత్తరం చదివితే లోపం పిండిలో లేదని, ఉడికించే తీరులో ఉందని తెలిసిపోతోంది.

పిండి రాత్రికి రాత్రి గిన్నె అంచుదాకా పొంగుతోందట. ఒక గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల రవ్వ వేస్తున్నారట. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ఆ తరువాత ఆమె చేస్తున్న పని చూడండి. ఇడ్లీ పాత్రలో సగానికి పైగా చన్నీళ్ళు పోస్తారు. పిండి వేసిన నాలుగు రేకులనూ అందులో దించి, మూత పెట్టి, అప్పుడు స్టవ్ వెలిగిస్తారు. గ్యాసు కలిసివస్తుందని మంట తగ్గించి ఉంచుతారు. అరగంట తరువాత తీస్తారు. అడుగు రేకు ఇడ్లీలు తడిముద్దలవుతున్నాయి, మధ్య రేకులవి జిగటగా ఉంటున్నాయి, పై రేకువి గట్టిపడుతున్నాయి. ఒకే పిండి, ఒకే పాత్ర, మూడు రకాల ఇడ్లీలు! దీనికి కారణం మూడు పొరపాట్లు. నీళ్ళు ఎక్కువ, సెగ తక్కువ, సమయం ఎక్కువ.

నీళ్ళు ఎంత పోయాలి?

పాత్ర అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు చాలు. అంటే అంగుళం నుంచి అంగుళంన్నర. ఖాళీ రేకుల స్టాండును ఒకసారి పాత్రలో దించి చూడండి. అడుగు రేకు గుంటలకూ నీళ్ళకూ మధ్య ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు తగలకపోతే చాలదు. తెర్లేటప్పుడు అవి ఎగిరిపడతాయి. రేకు చిల్లుల్లోంచి పిండిలోకి నీళ్ళు చిమ్మితే ఆ ఇడ్లీ ఆవిరి మీద కాక నీళ్ళలో ఉడుకుతుంది. అడుగు రేకు తడిముద్ద కావడానికి కారణం ఇదే.

నీళ్ళు మరీ తక్కువైనా చిక్కే. పెద్ద మంట మీద పది పన్నెండు నిమిషాల్లో దాదాపు గ్లాసుడు నీళ్ళు ఆవిరైపోతాయి. మొదటి వాయికి సరిపోయిన నీళ్ళు రెండో వాయి మధ్యలో ఇంకిపోయి పాత్ర మాడుతుంది. అందుకని ప్రతి వాయికీ ముందు నీళ్ళు చూసుకుని, తగ్గినంత పోయండి. అప్పుడు కూడా మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే ఆవిరి ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. నీళ్ళలో శుభ్రంగా కడిగిన చిన్న గులకరాయి ఒకటి వేసి ఉంచితే, నీళ్ళు తెర్లుతున్నంతసేపూ అది టకటకమంటూ ఉంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోవచ్చాయని గ్రహించి స్టవ్ ఆర్పండి.

సెగ ఎప్పుడు, ఎంత?

పులిసిన పిండిలో లెక్కలేనన్ని చిన్న గాలిబుడగలుంటాయి. రాత్రి పిండిని పొంగించినవి అవే. ఇడ్లీ మెత్తదనమంతా ఆ బుడగల్లోనే ఉంది. వేడి తగలగానే బుడగలు ఉబ్బుతాయి. సరిగ్గా ఆ సమయానికి చుట్టూ ఉన్న పిండి ఉడికి గట్టిపడితే బుడగలు ఉన్నచోటే నిలిచిపోతాయి. ఇడ్లీ దూదిలా వస్తుంది. వేడి మెల్లమెల్లగా ఎక్కిందనుకోండి, పిండి గట్టిపడేలోపల బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పైకి వచ్చి పగిలిపోతాయి. ఇడ్లీ చదునుగా చతికిలబడుతుంది. చన్నీళ్ళతో మొదలుపెట్టి సన్న మంట మీద వండితే జరిగేది ఇదే. సోడా వేసినప్పుడు కాస్త నయంగా రావడానికి కారణం, పోయిన బుడగల స్థానంలో అది కొన్ని కొత్త బుడగలు పుట్టించడమే.

కాబట్టి ముందు నీళ్ళు తెర్లనివ్వండి. మూత సందుల్లోంచి ఆవిరి జోరుగా తన్నుకొచ్చేదాకా ఆగండి. ఈలోగా రేకులకు కాస్త నూనె రాసి పిండి వేసుకోండి. గుంట నిండా వేయకుండా ముప్పాతిక భాగం వేస్తే పొంగడానికి చోటు ఉంటుంది. పిండిని గరిటెతో గిరగిరా తిప్పి కలపకండి. అలా చేస్తే బుడగలను మన చేతులతోనే పోగొట్టుకున్నట్టు. పై రేకు గుంటలు కింది రేకు గుంటల మీదికి సరిగ్గా రాకుండా, ఖాళీల మీదికి వచ్చేటట్టు తిప్పి అమర్చండి. అప్పుడు కింది ఇడ్లీలు పొంగి పై గుంటలకు అంటుకోవు, ఆవిరి అన్నిటికీ అందుతుంది. మూత పెట్టాక పెద్ద మంటే ఉంచండి. నీళ్ళు మరీ ఎగసిపడుతుంటే కొద్దిగా తగ్గించవచ్చు గాని, ఆవిరి జోరు మాత్రం తగ్గకూడదు. మధ్యలో మూత తీసి తొంగి చూడకండి.

ప్రెషర్ కుక్కరు వాడేవారు మూత మీది బరువు తీసేసి ఉడికించాలి. కూతలు లెక్కపెట్టే పద్ధతి ఇడ్లీకి పనికిరాదు, గడియారం చూసుకోవలసిందే.

ఎంతసేపు?

ఆవిరి జోరుగా ఉన్న పాత్రలో రేకులు దించి మూత పెట్టిన క్షణం నుంచి లెక్క. మామూలు ఇడ్లీకి పది నుంచి పన్నెండు నిమిషాలు చాలు. రేకు ఒకటే అయితే కొంచెం ముందే అవుతుంది. కోనసీమలో పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలు మందంగా ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఆ లెక్క రేకు ఇడ్లీకి పెట్టకండి. అరగంట ఉంచితే ఇంకా మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. ఉడికిన తరువాత కూడా ఉంచుతూ పోతే ఇడ్లీ బిగుసుకుపోతుంది, చల్లారితే మరీ గట్టిపడుతుంది. ఈ సోదరి పై రేకు ఇడ్లీలకు పట్టిన గతి అదే.

ఉడికిందో లేదో చూడడానికి మధ్య రేకులోని ఇడ్లీని పట్టుకోండి. తడిపిన చెంచా కాడను నడిమధ్య గుచ్చి తీయండి. పిండి అంటకుండా వస్తే ఉడికినట్టే. అంటుకుంటే మూత పెట్టి మరో రెండు మూడు నిమిషాలు ఉంచండి. రోగికి పెట్టే ఇడ్లీ విషయంలో ఈ పరీక్ష తప్పనిసరి. సగం ఉడికిన మినప్పిండి జ్వరం పడి లేచిన కడుపుకు బరువు, ఉబ్బరం తెస్తుంది. ఇడ్లీ తేలికగా అరుగుతుందన్న మాట పూర్తిగా ఉడికిన ఇడ్లీకే వర్తిస్తుంది.

స్టవ్ ఆర్పి, మూత తీసి, రేకులను బయటపెట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు తడి చెంచాతో తీస్తే అంచు విరగకుండా వస్తాయి. వేడిమీదే లాగితే సగం రేకుకే ఉండిపోతుంది. పై రేకు ఇడ్లీల మీద నీటిగుంటలు పడుతుంటే, అది మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా రాలడం వల్ల. మూత లోపలివైపు పలచని శుభ్రమైన గుడ్డ పరిచి, దాని కొసలు మంటవైపు వేలాడకుండా మూత మీదికి మడిచి కట్టండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మూత తీసేటప్పుడు దాని అవతలి అంచును ముందు పైకెత్తండి, ఆవిరి మీ ముఖం మీదికి కాక అవతలికి పోతుంది. ఆవిరి కంటికి ఆనదు గాని మరిగే నీళ్ళకంటే లోతుగా కాలుస్తుంది. చెయ్యి కాలితే గాజులు, ఉంగరం వెంటనే తీసేసి, ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. సిరా, పళ్ళపొడి పేస్టు, వెన్న పూయకండి. బొబ్బలు పెద్దవిగా లేచినా, ముఖం కాలినా డాక్టరుకు చూపించండి.

ఈ సంగతులన్నీ ఆ సోదరికి విడిగా జాబు రాశాను. రెండు వారాలకు మళ్ళీ ఉత్తరం వచ్చింది. నీళ్ళు రెండు వేళ్ళకు తగ్గించారట. తెర్లిన తరువాతే రేకులు దించి, పెద్ద మంట మీద పన్నెండు నిమిషాలు ఉంచారట. మొదటి రోజు మధ్య రేకు చెంచాకు ఇంకా అంటితే మరో రెండు నిమిషాలు ఉంచారట. సోడా డబ్బా అటక ఎక్కింది. "నాలుగు రేకులూ ఒకేలా వచ్చాయి. అత్తయ్యగారు మూడు తిని, ఇంకొకటి వేయమ్మా అన్నారు" అని రాశారు.

ఇలా అన్నీ సరిగా చేసినా ఇడ్లీ చదునుగా, పుల్లగా వస్తే తప్పు ఆవిరిది కాదు, పిండి మరీ పులిసిందన్నమాట. పుల్లగా లేకుండా రాయిలా వస్తే పిండి పులవలేదని అర్థం. ఆ రెండింటినీ ఏ మంటా బాగుచేయలేదు. ఆ పూటకు పుల్లని పిండితో అట్లు పోసుకోండి. పులవని పిండిని వెచ్చని చోట ఇంకొన్ని గంటలు ఉంచండి.