ఫిర్యాదుకు బలం చేకూర్చడం అనువాదకుని పని కాదు

మన బస్తీలలో ఎవరికైనా అన్యాయం జరిగినప్పుడు ఇంగ్లీషు వచ్చిన యువకుడెవరో ఒకరు ముందుకు వచ్చి ఫిర్యాదు రాసిపెడతారు. అది మెచ్చుకోదగిన సేవే. కానీ ఆ కాగితాన్ని మూలంతో పోల్చి చూస్తే, బాధితురాలు చెప్పిన మాటలు కొన్ని అందులో ఉండవు, ఆమె చెప్పనివి కొన్ని చేరి ఉంటాయి. ‘కొట్టారు’ అన్నది ‘టార్చర్’ అవుతుంది. ‘తీసుకెళ్ళారు’ అన్నది ‘అరెస్ట్’ అవుతుంది. రాసినవారి ఉద్దేశం మంచిదే, ఫిర్యాదుకు బలం రావాలని. కానీ ఆ ‘బలమే’ తరువాత ఫిర్యాదును కూలదోస్తుంది.

అసలు ఇంగ్లీషులోనే రాయాలన్న నియమం చాలాచోట్ల లేదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన ఇబ్బందిని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నవించుకోవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా ఎనిమిదవ షెడ్యూలు భాషలలో ఫిర్యాదులు తీసుకుంటుంది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవే. అయినా వ్యవహారం ఢిల్లీకి చేరినా, హైకోర్టు మెట్లెక్కినా చదివేవారికి ఇంగ్లీషు ప్రతి కావలసి వస్తుంది. కాబట్టి మూలం ముందు, అనువాదం దాని వెనుక అన్నది మన పద్ధతి కావాలి. అనువాదం ఒక్కదాన్నే పంపి మూలాన్ని ఇంట్లో ఉంచుకోవడం కంటే ప్రమాదం మరొకటి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, విషయం తేటపడడానికి కల్పించినది. ఒక తల్లి ఇలా చెప్పిందనుకోండి: “మొన్న ఇషా నమాజు అయ్యాక ఎస్సైగారు వచ్చారు. మా అబ్బాయిని తీసుకెళ్ళారు. స్టేషనులో బాగా కొట్టారట. మా భాయి అడగడానికి వెళ్తే ఇజ్జత్ తీసి పంపారు.” నాలుగే వాక్యాలు. వీటిని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఎన్ని గుంటలున్నాయో చూడండి.

‘ఎస్సైగారు వచ్చారు’ అన్నది గౌరవ బహువచనం. వచ్చినవాడు ఒక్కడే. దీన్ని ‘దే కేమ్’ అని రాస్తే ఒక్క అధికారి గుంపైపోతాడు. మరుసటి వాక్యంలోని ‘తీసుకెళ్ళారు’కు కర్త లేనే లేడు. అది ఎస్సై పట్ల గౌరవమా, ఆయనతో వచ్చిన కానిస్టేబుళ్ళను కూడా కలుపుకొన్న నిజమైన బహువచనమా? తెలుగు వాక్యం చూసి ఈ సంగతి తేల్చలేము. ఇంగ్లీషు మాత్రం ‘హీ’ అనో ‘దే’ అనో ఎంచుకోమని నిలదీస్తుంది. ఇక్కడ అనువాదకుడు తనంతట తాను ఎంచుకోకూడదు. తల్లినే అడగాలి. అదీ “ముగ్గురు వచ్చారా?” అని కాదు, “ఎవరెవరు వచ్చారమ్మా?” అని అడగాలి. మొదటి ప్రశ్న జవాబును మనమే నోటికందిస్తుంది.

ఇక ‘కొట్టారట’. ఆ చివరి ‘ట’ అక్షరాన్ని నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను. తాను చూడలేదు, విన్నాను అని ఆ తల్లి నిజాయితీగా ఒక్క అక్షరంలో చెప్పింది. ఇంగ్లీషులో దానికి సరిసమానమైన అక్షరం లేదు. అందుకే అది జారిపోయి ‘వాజ్ బీటెన్’ అని మిగులుతుంది. కమిషన్ సాధారణంగా పోలీసు ఉన్నతాధికారి నుండి నివేదిక తెప్పించుకుంటుంది. ఆ విచారణలో “మీరు చూశారా?” అని అడిగితే ఆమె “లేదు” అంటుంది. అప్పుడు కాగితానికీ నోటికీ పొంతన లేదని నివేదికలో చేరుతుంది. ఆమె అబద్ధమాడలేదు, అనువాదం ఆమెచేత ఆడించింది. ‘నా కుమారుడు విడుదలయ్యాక నాకు చెప్పిన ప్రకారం’ అనో, ‘ఫలానావారి ద్వారా తెలిసిన ప్రకారం’ అనో రాస్తే ఈ చిక్కే రాదు. ఎవరి ద్వారా తెలిసిందో మళ్ళీ ఆమెనే అడిగి తెలుసుకోవాలి. చూసినవారు దొరికితే వారి వాంగ్మూలం విడిగా జతపరచవచ్చు.

‘మొన్న’ అంటే రెండు రోజుల క్రిందటా, ఈమధ్యనా? ఉర్దూలో ‘పర్సోఁ’ గడచిన రోజూ కావచ్చు, రాబోయే రోజూ కావచ్చు. తేదీ తప్పితే స్టేషను జనరల్ డైరీకీ ఫిర్యాదుకీ తేడా వస్తుంది. మానవ హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించదు గనుక తేదీ చిన్న విషయం కాదు. ‘ఇషా అయ్యాక’ను ‘రాత్రి 8 గంటలకు’ అని మార్చడమూ ఇటువంటిదే. ఇషా వేళ ఋతువును బట్టి మారుతుంది, జమాఅత్ వేళ మసీదుకొక తీరుగా ఉంటుంది. ‘ఇషా నమాజు తరువాత’ అనే రాసి, ఆమెకు గడియారం వేళ గుర్తుంటే దాన్ని పక్కన చేర్చాలి. లేకపోతే ఊహించకూడదు.

‘భాయి’ సొంత తమ్ముడా, పక్కింటివాడా? ‘బ్రదర్’ అని రాసిన తరువాత కుటుంబ వివరాలలో సోదరుడే లేడని తేలితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే.

‘ఇజ్జత్ తీశారు’ అన్నది మిగతావాటికంటే సున్నితమైనది. మన ఇళ్ళలో ఈ మాట నలుగురిలో తిట్టడానికీ వాడతారు, స్త్రీ విషయంలో చెప్పలేని దౌర్జన్యాన్ని కప్పిచెప్పడానికీ వాడతారు. ‘ఇన్సల్టెడ్’ అంటే పెద్ద నేరం చిన్నదైపోవచ్చు. ‘ఔట్‌రేజ్డ్ మోడెస్టీ’ అంటే చట్టంలో వేరే సెక్షనుకు పోయి, జరగనిది జరిగినట్లు కావచ్చు. ఈ ఉదాహరణలో వెళ్ళింది మగవాడు కాబట్టి మొదటి అర్థమే అనిపిస్తుంది. అయినా ఏమన్నారో అడగాలి. చెప్పుకునేది స్త్రీ అయితే, మరో స్త్రీ ఏకాంతంగా అడగాలి. తిట్టు మతాన్ని ఉద్దేశించినదైతే ఆ మాటను ఉన్నదున్నట్లు ఉచ్చారణతో రాసి, పక్కన అర్థం చెప్పాలి. మనకు సిగ్గు వేసి ‘అసభ్య పదజాలం’ అని మెత్తబరిస్తే, అది మతద్వేషంతో జరిగిందనడానికి ఉన్న ఆధారమే పోతుంది.

ఇలా అడిగి తెలుసుకున్నవి ఎక్కడ చేర్చాలి? చాలామంది నేరుగా ఇంగ్లీషులో చేర్చేస్తారు. అది పొరపాటు. ముందు మూలంలోనే, ఆమె మాటలలోనే అదనపు వాంగ్మూలంగా రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆ తరువాతే దాన్ని అనువదించాలి. అలా చేస్తే ఇంగ్లీషులోని ప్రతి వాక్యానికీ వెనుక ఒక మూలవాక్యం ఉంటుంది. వాక్యాలకు రెండు ప్రతులలోనూ ఒకే అంకెలు వేస్తే ఏది తప్పిపోయిందో, ఏది కొత్తగా చేరిందో ఇట్టే కనబడుతుంది.

అనువాదం ముగిశాక మూలం చూడని వ్యక్తి ఒకరికి ఇంగ్లీషు ప్రతి ఇవ్వండి. ఆయన దాన్ని ఆ తల్లి ఎదుట ఆమె భాషలో చెప్పాలి. “నేనట్లా అనలేదు బేటా” అని ఆమె ఎక్కడ ఆపితే అక్కడే దిద్దాలి. న్యాయవాదులు తమ వాదనను, సెక్షన్లను వేరే కాగితంపై ఎంత గట్టిగానైనా రాసుకోవచ్చు. అది వారి పని. రెండు పనులూ ఒకే కాగితంలో కలిపితే ఏది ఆమె మాటో, ఏది వకీలు మాటో చదివేవారికి తెలియదు.

చివర అనువాదకుడు తన పేరు, తనకు రెండు భాషలూ తెలుసునన్న సంగతి, ఇది తన ఎరుకలో యథార్థమైన అనువాదమన్న మాట రాసి సంతకం చేయాలి. హైకోర్టుకు వెళ్ళే అఫిడవిట్లలో, ఇంగ్లీషు రాని వ్యక్తికి విషయమంతా తెలిసిన భాషలో వివరించామని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ముందే టైపు చేసి ఉంచి, వివరించకుండానే వేలిముద్ర వేయించడం అలవాటైపోయింది. ఎవరైనా మీ ఇంటివారిచేత అటువంటి కాగితంపై సంతకం చేయించబోతే, ముందు చదివి వినిపించమని అడగండి. దానికి అరగంట పట్టినా కూర్చోండి.