ముఖం ఉబ్బితే తాగినట్టేనా?

అన్నలూ, తమ్ముళ్లూ, పొద్దున బస్సు ఎక్కేటప్పుడు ఎవరి కళ్ల కింద ఉబ్బి కనిపించినా "రాత్రి మందు కొట్టిండు" అని నవ్వుడు మన దుబాయ్ కాంపుల్లో అలవాటైంది. సూపర్‌వైజర్‌నై ఉండి నేనూ అన్నాను. తప్పు నాదే. ఆ తమ్ముడు చుక్క ముట్టడు. రాత్రి ఏం తిన్నవురా అని అడిగితే అసలు సంగతి తెలిసింది. పది గంటలకు రెండు ప్యాకెట్ల నూడుల్స్, మీదికెళ్లి మామిడికాయ తొక్కు.

ప్యాకెట్ వెనక చూడండి. సోడియం 1000 మిల్లీగ్రాములు అని ఉంటే ఉప్పు రెండున్నర గ్రాములన్నట్టు. రెండు ప్యాకెట్లకు 5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి దాటొద్దన్నదే 5 గ్రాములు. తొక్కు లెక్క ఇంకా కలపలేదు. ఆ ఉప్పు ఒంట్లో నీళ్లను పట్టి ఉంచుతది. పండుకున్నప్పుడు ఆ నీళ్లు కళ్ల కింద పల్చటి చర్మంలో చేరుతాయి. లేచి తిరిగితే గంట, రెండు గంటల్లో దిగుతది.

దీనికి క్రీములు కొనుడు దండుగ. వాడు మసాలా సగమే వేసుకున్నాడు, తొక్కు మానేశాడు, తల కింద ఇంకో దిండు పెట్టి, ఫోను పక్కన పడేసి తొందరగా పండుకున్నాడు. పొద్దున చల్లటి తడిబట్ట పది నిమిషాలు. వారంలో ముఖం తేటపడ్డది. ఎండలో చెమటోడ్చేటోళ్లం, ఉప్పు పూర్తిగా బంద్ చేయొద్దు, నీళ్లు అసలే తగ్గించొద్దు.

కానీ మధ్యాహ్నం దాటినా వాపు దిగకపోతే, కాళ్లూ ఉబ్బితే, మూత్రంలో నురగ వస్తే అది నూడుల్స్ పని కాదు, కిడ్నీ కావచ్చు. నడుం నొప్పికి రోజూ గోలీలు మింగేటోళ్లు మరీ చూసుకోవాలి. ఫోర్‌మన్‌లూ, అట్లాంటోణ్ణి చూసి నవ్వకండి. ఆ రోజే క్లినిక్‌కు పంపి మూత్రం పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి.